పీడీఎఫ్ మీద దిద్దుబాటు: రంగు ఎక్కడ, చీటీ ఎక్కడ, రాత ఎక్కడ

"ఓఆర్ఎస్ ప్యాకెట్‌ను ఒక గ్లాసు నీళ్లలో కలిపి బిడ్డకు తాగించాలి." విరేచనాలు పట్టుకున్న పిల్లల సంరక్షణ గురించి అంగన్‌వాడీ కార్యకర్తల కోసం ఎనిమిది పేజీల చిన్న పుస్తకం తయారవుతోందనీ, దాని మూడో పేజీలో ఈ వాక్యం ఉందనీ అనుకుందాం. రాసింది మీ సహోద్యోగి. డీటీపీ అయిపోయింది, బొమ్మలు కూర్చారు, పీడీఎఫ్ చేసి "ఒకసారి చూసి పెట్టండి" అని మీకు పంపారు. వాక్యంలో తప్పు ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం చేసే 20.5 గ్రాముల ప్యాకెట్‌ను పూర్తిగా లీటరు నీటిలో కలపాలి. గ్లాసు నీళ్లలో కలిపితే ఉప్పు మోతాదు మించిపోతుంది, బిడ్డకు హాని జరుగుతుంది. ఈ సంగతి రాసినవారికి చేరాలి. ఏ పేజీలో, ఏ మాట దగ్గర, ఏం మార్చాలో, ఎందుకు మార్చాలో సందేహం లేకుండా చేరాలి.

పేజీలు ప్రింటు తీసి ఎర్ర ఇంకుతో దిద్ది ఫొటోలు పంపేవారు ఉన్నారు. వాట్సాప్‌లో "మూడో పేజీ, రెండో పేరా, నాలుగో లైను" అని రాసేవారూ ఉన్నారు. రెండూ రాసినవారికి శ్రమ పెంచుతాయి. పీడీఎఫ్ మీదే వ్యాఖ్యలు పెట్టే సౌకర్యం చాలా కాలంగా ఉంది. 1993లో అడోబీ సంస్థ తెచ్చిన ఈ ఫైలు పద్ధతి 2008లో అంతర్జాతీయ ప్రమాణం అయింది. ఉచితంగా దొరికే అడోబీ రీడర్‌లో స్టిక్కీ నోట్, హైలైట్ పనిముట్లు 2010లో వచ్చిన పదో వెర్షన్ నుంచి అందరికీ అందాయి. ఇప్పుడు ఎడ్జ్ బ్రౌజరు, మాక్‌లోని ప్రివ్యూ, లినక్స్‌లోని ఓక్యులర్ వంటివి కూడా ఈ పని చేస్తాయి. ఎక్కువమంది దగ్గర ఉండేది కాబట్టి ఇక్కడ అక్రోబాట్ రీడర్‌నే ఉదాహరణగా తీసుకుంటాను. వెర్షన్ మారినప్పుడల్లా బటన్ల చోటూ పేర్లూ కొంచెం మారుతుంటాయి, పని తీరు మారదు.

ముందుగా ఒక సంగతి తెలిస్తే తక్కినవన్నీ సులభంగా అర్థమవుతాయి. మీరు పెట్టే వ్యాఖ్య సహోద్యోగి రాసిన వాక్యంలోకి వెళ్లదు. అసలు పేజీ మీద పరిచిన ట్రేసింగ్ కాగితం మీద రాసినట్టు అది పైపొరగా ఉంటుంది. "గ్లాసు" అనే మాటకు మీరు పసుపు రంగు వేస్తే ఫైలు ఆ మాటను గుర్తుపెట్టుకోదు. మూడో పేజీలో అడుగు నుంచి ఇంత ఎత్తున, ఎడమ నుంచి ఇంత దూరంలో ఒక నలుచదరం ఉందని మాత్రం గుర్తుపెట్టుకుంటుంది. దాంతోపాటు మీ పేరు, తేదీ, మీరు రాసిన మాటలు దాచుకుంటుంది. ఈ పద్ధతి వల్ల ఒక మేలు ఉంది. మీరు ఎన్ని వ్యాఖ్యలు పెట్టినా సహోద్యోగి రాతలో ఒక్క అక్షరం కదలదు. ఇబ్బందులన్నీ కూడా దీని నుంచే వస్తాయి, వాటి దగ్గరికి తర్వాత వస్తాను.

ఫైలు మెయిల్లో వస్తే అక్కడే తెరిచి పని మొదలుపెట్టకండి. అలా తెరిచిన ఫైలు చాలాసార్లు తాత్కాలిక ఫోల్డరులో ఉంటుంది. గంటసేపు దిద్ది, మూసి, మళ్లీ మెయిల్లోంచి తెరిస్తే ఖాళీ పేజీలే కనిపిస్తాయి. డౌన్‌లోడ్ చేసుకుని, పేరు చివర మీ పేరూ తేదీ చేర్చి, ఆ కాపీ మీద పని చేయండి. ఆ తర్వాత మీ పేరు సరిగా పడుతోందో లేదో చూసుకోండి. ఆఫీసు కంప్యూటర్లలో వ్యాఖ్య పక్కన user అనో admin అనో పడుతుంది. ముగ్గురు దిద్దిన ఫైలులో ముగ్గురూ admin అయితే ఎవరిని అడగాలో రాసినవారికి తెలియదు. Ctrl+K నొక్కితే Preferences తెరుచుకుంటుంది. అందులో Commenting విభాగంలో, లాగిన్ పేరునే రచయిత పేరుగా వాడమనే గడి దగ్గర టిక్కు తీసేయండి. తర్వాత ఒక వ్యాఖ్య మీద కుడి క్లిక్ చేసి Propertiesలో Author దగ్గర మీ పేరు రాసి, దాన్నే ఇకపై వాడమని అక్కడే చెప్పొచ్చు.

ఇప్పుడు మూడో పేజీకి వద్దాం. ఈ తప్పుకు తగిన పనిముట్టు హైలైట్. పేరా మొత్తం కాదు, వాక్యం మొత్తం కూడా కాదు, "ఒక గ్లాసు నీళ్లలో" అనే మూడు మాటలకే రంగు వేయండి. పేరా అంతా పసుపు చేస్తే అందులో ఏది తప్పో వెతుక్కునే పని రాసినవారిమీద పడుతుంది. రంగు వేసి వదిలేయడం కూడా పనికిరాదు. రంగు "ఇక్కడ చూడండి" అంటుంది కానీ ఏం చూడాలో చెప్పదు. వేసిన రంగు మీద రెండుసార్లు క్లిక్ చేస్తే చిన్న పెట్టె తెరుచుకుంటుంది. అందులో ఇలా రాయొచ్చు:

"తప్పనిసరిగా మార్చాలి. మనం పంచేది లీటరు ప్యాకెట్, దీన్ని గ్లాసు నీళ్లలో కలిపితే ఉప్పు ఎక్కువై బిడ్డకు ప్రమాదం. బజారులో 200 మి.లీ. నీటికి సరిపోయే చిన్న ప్యాకెట్లు కూడా దొరుకుతాయి, మీరు చూసింది అదేమో. ఇలా మార్చితే సరిపోతుందా: 'ప్యాకెట్ మొత్తాన్ని ఒక లీటరు శుభ్రమైన తాగునీటిలో కలపాలి. కలిపిన నీటిని 24 గంటల్లోపు వాడాలి.'"

ఈ వ్యాఖ్యలో ఎంత అవసరమో, కారణం ఏమిటో, బదులు ఏం రాయాలో మూడూ ఉన్నాయి. తప్పు ఎలా దొర్లి ఉంటుందో ఊహించి చెప్పడం వల్ల రాసినవారికి చిన్నతనంగా ఉండదు, పుస్తకంలో ఇంకెక్కడైనా అదే పొరపాటు జరిగిందేమో వారే వెతుక్కోగలుగుతారు. "??" అనో "చెక్ చేయండి" అనో రాసిన వ్యాఖ్య చేతికి వచ్చిన రచయిత ఫోన్ చేసి అడగక తప్పదు. అంతదానికి వ్యాఖ్య పెట్టకుండా ఫోనే చేయొచ్చు.

రంగుల విషయంలో కొందరు చాలా పెద్ద ఏర్పాటు చేసుకుంటారు. ఎరుపు అంటే తప్పు, పచ్చ అంటే సలహా, నీలం అంటే సందేహం అని. ఆ లెక్క దిద్దేవారికి మాత్రమే గుర్తుంటుంది. నలుపు తెలుపులో ప్రింటు తీస్తే అన్నీ బూడిదరంగే. వ్యాఖ్య మొదట్లో "తప్పనిసరి" అనో "సలహా" అనో "సందేహం" అనో ఒక మాట రాస్తే చాలు, రంగు ఒక్కటే ఉన్నా ఇబ్బంది లేదు.

స్టిక్కీ నోట్ పని వేరు. ఏ ఒక్క మాటకూ అంటించలేని విషయం ఉన్నప్పుడు అది కావాలి. మన పుస్తకంలో కళ్లు లోతుకు పోవడం, బిడ్డ తాగలేకపోవడం, విరేచనంలో రక్తం వంటి ప్రమాద సూచనలు ఏడో పేజీలో ఉన్నాయనుకుందాం. కార్యకర్త మొదట తెలుసుకోవలసినవి అవే. ఇది వాక్యం దిద్దే పని కాదు, పేజీల వరుస మార్చే పని. దీనికి మొదటి పేజీ పైభాగంలో, ఖాళీ జాగాలో ఒక చీటీ పెట్టి, "7వ పేజీలోని ప్రమాద సూచనల పట్టికను 2వ పేజీకి తేగలమా? ఆసుపత్రికి ఎప్పుడు పంపాలో ముందే తెలియాలి" అని రాయాలి. ఇలాంటి పెద్ద విషయాలు రెండుమూడు ఉంటే వాటన్నిటినీ మొదటి పేజీ మీదే పెట్టడం మంచిది. రచయిత ఫైలు తెరవగానే పెద్ద మార్పులు కనిపిస్తాయి. లేకపోతే ఏడు పేజీల్లో కామాలు, పొల్లులు సరిచేసుకుంటూ వచ్చాక, ఎనిమిదో పేజీలో "ఈ అధ్యాయం మొత్తం తీసేద్దామా" అనే చీటీ ఎదురవుతుంది.

చీటీ గుర్తును అక్షరాల మీద పెట్టకుండా అంచులో పెట్టండి. అది కింద ఉన్న అక్షరాలను కప్పేస్తుంది, చదివేవారు ప్రతిసారీ దాన్ని పక్కకు జరుపుకోవాలి. అంచులో పెట్టినప్పుడు ఏ వాక్యం గురించో స్పష్టంగా ఉండదు కాబట్టి, వాక్యం గురించే చెప్పాలంటే హైలైటే వాడాలి. చీటీ పేజీ గురించి, హైలైట్ మాట గురించి అనుకుంటే గందరగోళం ఉండదు.

రెండు చోట్ల ఒకదానికొకటి పొసగని మాటలు ఉన్నప్పుడు మాత్రం కాస్త జాగ్రత్త కావాలి. అయిదో పేజీలో "జింక్ మాత్రలు 14 రోజులు వేయాలి" అని ఉంది, ఏడో పేజీలో "విరేచనాలు ఆగేవరకు వేయాలి" అని ఉంది. మన దేశంలో పాటించే పద్ధతి 14 రోజులే, విరేచనాలు ముందే తగ్గినా సరే. వ్యాఖ్య ఏడో పేజీలో ఒక్కచోటే పెడితే, అయిదో పేజీ దిద్దేటప్పుడు రచయితకు అది తెలియదు. రెండు చోట్లా రంగు వేసి, ఏడో పేజీలో "5వ పేజీలో 14 రోజులని సరిగా ఉంది, ఇక్కడా అలాగే మార్చండి" అనీ, అయిదో పేజీలో "ఇది సరైనదే, మార్చవద్దు. 7వ పేజీలో వేరుగా ఉంది" అనీ రాయాలి. సరిగా ఉన్నదాన్ని మార్చవద్దని చెప్పడం చాలామందికి తోచదు. రెండు చోట్లా పసుపు చూసిన రచయిత హడావుడిలో సరైనదాన్నే తప్పుగా మార్చే అవకాశం ఉంది.

మూడో పనిముట్టు పేజీ మీదే నేరుగా టైపు చేసే రాత. రీడర్‌లో దీని గుర్తు T అక్షరం. క్లిక్ చేసినచోట అక్షరాలు పేజీలో భాగంలాగే కనిపిస్తాయి, ప్రింటులోనూ పడతాయి. దీన్ని అతిగా వాడటం మంచిది కాదని నా అభిప్రాయం. చిన్న జాగాలో చిన్న మాట ఉంటే చాలినచోట మాత్రం దీనికి మించింది లేదు. ఉదాహరణకు జింక్ మోతాదుల పట్టికలో రెండు నుంచి ఆరు నెలల పిల్లల గడి ఖాళీగా ఉండిపోయింది. ఆ గడిలోనే "10 mg" అని టైపు చేస్తే ఎక్కడ ఏం రావాలో అంతకంటే స్పష్టంగా చెప్పలేం. ఆరు నెలలు దాటినవారి గడిలో 20 mg సరిగానే ఉంది కాబట్టి దాన్ని తాకనక్కర్లేదు. బొమ్మలో బాణం గుర్తు తప్పు చోట ఉన్నా ఇలాగే చిన్న మాటతో చెప్పొచ్చు.

తెలుగులో టైపు చేసేటప్పుడు మాత్రం ఇక్కడ ఒక చిక్కు ఉంది. పేజీ మీద కనిపించే రాత ఏ ఫాంటులో ఉండాలో ఫైలులో నమోదవుతుంది. మొదట ఎంపికై ఉండే ఫాంటు సాధారణంగా ఇంగ్లిషుది, అందులో తెలుగు అక్షరాలు ఉండవు. దాంతో ఒక్కోసారి డబ్బాలు పడతాయి. తెలుగు ఫాంటు ఎంచుకున్నా వత్తులు విడిపోయి పక్కకు పోవచ్చు, గుణింతాలు చెదిరిపోవచ్చు. మీ కంప్యూటరులో బాగానే ఉన్నా ఎదుటివారి ఫోనులో పాడవచ్చు. హైలైట్, స్టిక్కీ నోట్‌ల పెట్టెలో రాసిన తెలుగుకు ఈ బెడద చాలా తక్కువ. అక్కడి మాటలు యూనికోడ్‌గా నిలవ ఉంటాయి, చూసేవారి పరికరంలోని తెలుగు ఫాంటుతో కనిపిస్తాయి. అందుకే అంకెలు, చిన్న గుర్తులు పేజీ మీద, తెలుగు వాక్యాలు పెట్టెలో రాయడం తెలుగువారికి నికరమైన పద్ధతి.

తెలుగు పీడీఎఫ్‌లతో ఇంకో చిక్కు ఎక్కువమందిని తికమక పెడుతుంది. మన దగ్గర డీటీపీ కేంద్రాల్లో చాలా పని ఇప్పటికీ అను ఫాంట్లతో జరుగుతోంది. ఆ ఫాంట్లలో తెలుగు అక్షరాల ముక్కలు ఇంగ్లిషు అక్షరాల స్థానాల్లో కూర్చుని ఉంటాయి. కంటికి తెలుగు కనిపిస్తుంది, ఫైలు లోపల ఉన్నది అర్థంలేని ఇంగ్లిషు గుర్తుల వరస. ఒక వాక్యాన్ని కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో అతికిస్తే తేలిపోతుంది. ఇలాంటి ఫైలులో "గ్లాసు" అని తెలుగులో వెతికితే దొరకదు. కాబట్టి ఆ పొరపాటు ఇంకెక్కడైనా ఉందేమో చూడాలంటే కళ్లతోనే చదవాలి. వెతుకుడులో ఏమీ రాలేదు కదా అని నిశ్చింతగా ఉండకూడదు. హైలైట్ మాత్రం మామూలుగా పడుతుంది, ముందే చెప్పినట్టు అది మాటను కాక చోటునే పట్టుకుంటుంది కాబట్టి. రంగు వేసిన మాటలను పెట్టెలోకి తనంతట తానే కాపీ చేసే వెసులుబాటు కూడా Commenting అమరికల్లో ఉంది. యూనికోడ్ ఫైళ్లకు అది ఎంతో ఉపయోగం. అను ఫాంట్ల ఫైలులో మాత్రం పెట్టె నిండా చెత్త చేరుతుంది, దాన్ని ఆపేసి ఆ రెండు మాటలూ మీరే టైపు చేయండి.

స్కాన్ చేసిన పేజీలైతే అసలు అక్షరాలే ఉండవు, పేజీ అంతా ఒక ఫొటో. మౌస్‌తో లాగితే మాటలు పట్టుబడవు. అప్పుడు ఆ చోట చుట్టూ గీత పెట్టె గీసి దానికే వ్యాఖ్య రాయడం సులువు. రెండు కాలమ్‌ల పేజీలో హైలైట్ పక్క కాలమ్‌లోకి పోతుంటే, Ctrl నొక్కి పట్టుకుని లాగితే ఆ నలుచదరానికే రంగు పడుతుంది. వ్యాఖ్య పెట్టే బటన్లే పనిచేయకపోతే Ctrl+D నొక్కి Security భాగం చూడండి. Commenting దగ్గర Not Allowed అని ఉంటే పంపినవారు తాళం వేశారని అర్థం, తాళం లేని కాపీ అడగాలి.

దిద్దడం అయ్యాక సేవ్ చేసి, ఫైలు మూసి, మళ్లీ తెరవండి. కుడి పక్కన వ్యాఖ్యల జాబితాలో అన్నీ పేజీల వరసలో ఉన్నాయో లేదో చూడండి. రచయిత ఎక్కువగా చూసేది ఆ జాబితానే, కాబట్టి అక్కడ ఒక్కొక్కటీ విడిగా చదివినా అర్థమవుతోందా అని మీరే చదవండి. "ఇదీ అంతే", "పైన చెప్పినట్టే" వంటివి అక్కడ తేలిపోతాయి. పంపేటప్పుడు మెయిల్లో వ్యాఖ్యలు ఎన్ని ఉన్నాయో, అందులో తప్పనిసరివి ఏ పేజీల్లో ఉన్నాయో రాయండి. ఇది మర్యాద కోసం చెప్పడం లేదు. ఫోనుల్లో, చాట్ యాప్‌ల ప్రివ్యూల్లో చాలాచోట్ల పసుపు రంగు కనిపిస్తుంది గానీ పెట్టెలోని మాటలు కనిపించవు. కొన్నింటిలో చీటీ గుర్తు కూడా రాదు. ఎన్ని ఉండాలో తెలిస్తేనే అవి కనిపించలేదన్న సంగతి రాసినవారికి తెలుస్తుంది. ప్రింటు తీసుకునే అలవాటు ఉన్నవారికి, రీడర్ ప్రింటు పెట్టెలో Summarize Comments అనే బటన్ ఉందని చెప్పండి. మామూలుగా ప్రింటు తీస్తే పెట్టెల్లోని మాటలు కాగితం మీదకు రావు.

ఇక రాసినవారి వైపు. ప్రతి వ్యాఖ్యకూ కింద జవాబు రాయొచ్చు, ఒప్పుకున్నామనో లేదనో గుర్తు పెట్టొచ్చు. "200 మి.లీ. ప్యాకెట్ బొమ్మ చూసి రాశాను, మార్చాను" అని అక్కడే జవాబు ఉంటే ఆ సంభాషణ ఫైలుతోనే ఉంటుంది. ఒప్పుకోని వాటికి కారణం రాయడం ఇంకా ముఖ్యం, లేకపోతే తర్వాతి విడతలో అదే వ్యాఖ్య మళ్లీ వస్తుంది.

వ్యాఖ్యలు చోటును పట్టుకుని ఉంటాయన్న సంగతి ఈ దశలోనే బాగా తగులుతుంది. డీటీపీలో మార్పులు చేసి కొత్త పీడీఎఫ్ తీస్తే పాత వ్యాఖ్యలు అందులోకి రావు. అక్రోబాట్‌లో వ్యాఖ్యలను మాత్రమే విడి ఫైలుగా తీసి మరో కాపీలో చేర్చే ఏర్పాటు ఉంది. ఒకే ముసాయిదాను ఇద్దరు వేరువేరుగా దిద్దినప్పుడు ఇద్దరివీ ఒకచోట చేర్చడానికి అది చాలా బాగా పనికొస్తుంది. ప్రమాద సూచనలు రెండో పేజీకి వచ్చి తక్కినదంతా కిందికి జరిగిన కొత్త కాపీలో చేరిస్తే మాత్రం, "గ్లాసు" మీది పసుపు చేతులు కడుక్కోవడం గురించిన వాక్యం మీద పడుతుంది. అలాంటప్పుడు పాతదీ కొత్తదీ పక్కపక్కన తెరిచి, పాతదాని జాబితా ప్రకారం ఒక్కొక్కటీ సరిచూసుకోవడమే దారి. ఇదే కారణంతో, రచన ఇంకా రూపుదిద్దుకుంటూ, పేరాలు అటూ ఇటూ మారే దశలో పీడీఎఫ్ పంపడం నాకు ఇష్టం లేదు. అప్పుడు వర్డ్ ఫైలులో దిద్దుబాట్లు చేయడమే సుఖం, ఒప్పుకున్న మార్పు ఒక్క క్లిక్కుతో రచనలో కలిసిపోతుంది. పేజీలు కట్టి, బొమ్మలు కూర్చాక, అచ్చుకు ముందు ప్రూఫు చూసే దశే పీడీఎఫ్ వ్యాఖ్యలకు తగిన చోటు. అను ఫాంట్లతో చేసిన పేజీలకైతే అసలు ఫైలు మీ దగ్గర సరిగా తెరుచుకోదు, కాబట్టి పీడీఎఫ్ తప్ప వేరే దారి లేదు.

అచ్చుకు పంపే ప్రతిని మాత్రం దిద్దిన కాపీ నుంచి తయారుచేయకండి. వ్యాఖ్యలు తొలగించి సేవ్ చేసినా, ఒక్కోసారి వాటి ముక్కలు ఫైలు లోపల మిగిలిపోతాయి. మీలో మీరు రాసుకున్న మాటలు బయటివారికి చేరవచ్చు. పేజీ మీద టైపు చేసిన "10 mg" కంటికి కనిపిస్తోంది కదా అని డీటీపీలో చేర్చడం మరిచిపోతే, వ్యాఖ్యలు లేకుండా ముద్రించినప్పుడు ఆ గడి మళ్లీ ఖాళీగానే వస్తుంది. అన్ని మార్పులూ అసలు ఫైలులో చేయించి, కొత్తగా పీడీఎఫ్ తీయించి, మూడో పేజీలో లీటరు, అయిదో పేజీలో 10 mg, ఏడో పేజీలో 14 రోజులు ఉన్నాయో లేదో చూసి, అప్పుడు ప్రెస్సుకు పంపండి.